బీచుపల్లి రేవులో ముగ్గురు సాక్షులు: క్రియాంత భాషలు, పరసర్గల గురించి ఒక పునరాలోచన

ప్రవేశిక

పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఒక శనివారం మధ్యాహ్నం నేను బీచుపల్లి రేవులో కూర్చుని ఉన్నాను. కృష్ణకు ఒక ఒడ్డున వనపర్తి సీమ, మరొక ఒడ్డున గద్వాల సీమ. ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చినవారు స్నానానికి దిగుతున్నారు. హైదరాబాదు నుండి కర్నూలు వైపు పోయే రహదారి వంతెన మీద లారీలు నడుస్తూనే ఉన్నాయి. పాలమూరు మాండలికంలో వాక్యాలు సేకరించడం నా పని. రాయచూరు వైపు నుండి వచ్చిన ఒక కుటుంబం స్నానానికి చోటెక్కడని పుట్టి నడిపే పెద్దాయనను కన్నడంలో అడిగింది. ఆయన తెలుగులోనే జవాబిచ్చాడు: “ఆ చెట్టు ఎనక మెట్లున్నయమ్మా. బిర్జి కిందికి పోకున్రి, లోతుంటది.” ఆమె తన వెంట ఉన్నవారి వైపు తిరిగి “మరద హిందె” అని చెప్పింది. కాసేపటికి ఒక లారీ డ్రైవరు తన క్లీనరును నీళ్ళకు పంపుతూ “పుల్ కే నీచే” అని ఉర్దూలో కేక వేశాడు.

చెట్టు వెనుక, మరద హిందె, పుల్ కే నీచే. మూడు భాషల్లోనూ ముందు నామం, దాని తరువాత స్థానాన్ని చెప్పే పదం. మూడూ క్రియతో ముగిసే భాషలే. ఆ సాయంత్రం నా నోటుపుస్తకంలో “ముగ్గురు సాక్షులు” అని రాసుకున్నాను. క్రియాంత భాషల్లో పరసర్గలుంటాయన్న సూత్రానికి నా సీమలోనే రుజువు దొరికిందన్న సంబరం అది. దాని మీద సిద్ధాంతవ్యాసంలో ఒక అధ్యాయమే కట్టాను. ఆ అధ్యాయం నిలబడలేదు. అది ఎందుకు నిలబడలేదో, దాని స్థానంలో ఏమి చెప్పి ఉండవలసిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పరిభాష విషయంలో ఒక మాట. నామానికి పరంగా వచ్చి, ఆ నామానికి వాక్యంలోని ఇతర పదాలతో ఉన్న సంబంధాన్ని తెలిపే పదాన్ని ఇక్కడ పరసర్గ అంటున్నాను. అదే పని చేస్తూ నామానికి ముందు వచ్చేది పూర్వసర్గ. మన వ్యాకరణాలు విభక్తి ప్రత్యయాలనూ పరసర్గలనూ ఒకే పేరు కింద చెప్పాయి. ఆ కలయికలో ఒక ఔచిత్యం ఉంది. దాన్ని తరువాత ప్రస్తావిస్తాను.

సూత్రం ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు

జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1961లో ఒక సదస్సులో సమర్పించి, 1963లో ప్రచురించిన వ్యాసం ఈ చర్చకు మూలం. ఆయన ముప్పై భాషలను తీసుకుని, వాటి పదక్రమాన్ని పరిశీలించి, నలభై అయిదు సార్వత్రికాలను ప్రతిపాదించాడు. ద్రావిడ కుటుంబం నుండి ఆ ముప్పైలో చేరినది కన్నడం. మన సీమకు పడమటి పొరుగుభాషే ఆ పట్టికలో మన కుటుంబానికంతటికీ ప్రతినిధి అయిందన్నమాట.

ఆ సార్వత్రికాల్లో ఎక్కువభాగం “అన్ని భాషల్లోనూ ఇది ఉంటుంది” అనే తరహావి కావు. “ఒక భాషలో ఇది ఉంటే, అది కూడా ఉంటుంది” అనే షరతుతో కూడినవి. వీటినే ఇంప్లికేషనల్ యూనివర్సల్స్ అంటారు. రెండు లక్షణాలను తీసుకుంటే నాలుగు గదులు ఏర్పడతాయి. క్రియ చివర ఉండి పరసర్గలుండడం ఒక గది. క్రియ చివర ఉండి పూర్వసర్గలుండడం రెండవది. క్రియ కర్మకు ముందు ఉండి పరసర్గలుండడం మూడవది. క్రియ ముందు ఉండి పూర్వసర్గలుండడం నాలుగవది. “క్రియాంతమైతే పరసర్గలుంటాయి” అన్న వాక్యం రెండవ గది ఒక్కదాన్నే ఖాళీగా ఉండమంటుంది. మూడవ గది గురించి అది ఏమీ చెప్పదు. అందువల్ల క్రియ ముందు ఉండి పరసర్గలు గల ఫిన్నిష్ ఈ సూత్రానికి అపవాదం కాదు. “పరసర్గలున్నాయి కాబట్టి క్రియాంత భాష” అని తిరగేసి చెప్పడం తర్కదోషం. తరగతిలో నేనే ఆ దోషం చాలాసార్లు చేశాను.

గ్రీన్‌బర్గ్ ముప్పై భాషల్లో పదకొండు క్రియాంతమైనవి. ఆ పదకొండింటిలోనూ పరసర్గలే ఉన్నాయి. రెండవ గది పూర్తిగా ఖాళీ. అయినా ఆయన తన నాలుగవ సార్వత్రికంలో “ఎల్లప్పుడూ” అనలేదు. యాదృచ్ఛికంగా జరగగల దానికంటే ఎంతో ఎక్కువగా ఇలా ఉంటుందని మాత్రమే అన్నాడు. క్రియ వాక్యం మొదట వచ్చే భాషల్లో పూర్వసర్గలుంటాయని చెప్పే మూడవ సార్వత్రికంలో మాత్రం “ఎల్లప్పుడూ” అనే రాశాడు. తన ముప్పైలో లేకపోయినా, క్రియాంతమై ఉండి పూర్వసర్గలు గల ఫారసీ వంటి భాషలు ఆయనకు తెలుసు. తరువాతి కాలంలో మాథ్యూ డ్రయర్ ప్రపంచ భాషా నిర్మాణాల అట్లాసు కోసం వెయ్యికి పైగా భాషలను లెక్కించినప్పుడు, కర్మ తరువాత క్రియ వచ్చే భాషల్లో పరసర్గలున్నవి 470కి పైగా తేలాయి. పూర్వసర్గలున్నవి పద్నాలుగు దాకా మాత్రమే. రెండవ గది ఖాళీ కాదు, కాని దాదాపు ఖాళీ. ఈ “దాదాపు” అన్న మాటే అసలు చర్చకు దారి తీస్తుంది.

సాక్షులను లెక్కించడం

నా అధ్యాయం గురించి పరీక్షకులు మౌఖిక పరీక్షలో అడిగిన ప్రశ్న ఒక్కటే. “వీరు ముగ్గురు సాక్షులా? ఒకే ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని వచ్చిన ముగ్గురా?”

ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. తెలుగు, కన్నడాలు ఒకే కుటుంబానివి. మూలద్రావిడం క్రియాంత భాష. ఆ క్రమం కుటుంబంలోని భాషలకు వారసత్వంగా వచ్చింది. తండ్రి ఒక మాట చెబితే, అదే మాట చెప్పిన ఇద్దరు కొడుకులను ఇద్దరు స్వతంత్ర సాక్షులుగా ఎవరూ లెక్కించరు. ఉర్దూ కుటుంబం వేరు. కాని మర్రే ఎమెనో 1956లో భారతదేశాన్ని ఒక భాషామండలంగా నిరూపించిన తరువాత, ఇక్కడి ఆర్యభాషలకూ ద్రావిడభాషలకూ ఉన్న పోలికలను ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా చూడడం కుదరదు. అందులోనూ నేను విన్న దక్కనీ ఉర్దూ, తెలుగు, కన్నడాలు మాట్లాడేవారి మధ్య శతాబ్దాలుగా నలిగిన భాష. నా ముగ్గురు సాక్షులూ కలిపి ఒక్క సాక్షి. ఆ మూడు వాక్యాలు అబద్ధం కావు. అవి సూత్రానికి అనుగుణంగానే ఉన్నాయి. కాని సూత్రానికి బలం చేకూర్చే శక్తి వాటికి లేదు.

టైపాలజిస్టులు ఈ చిక్కును ఎలా విప్పుకున్నారో అప్పుడు చదివాను. డ్రయర్ 1992లో ప్రచురించిన వ్యాసంలో అనుసరించిన పద్ధతి సులభంగా అర్థమవుతుంది. మొదట ఆయన భాషలను విడివిడిగా లెక్కించడు. దగ్గరి చుట్టరికం గల భాషలను ఒక ఉపశాఖగా కట్టి, ఆ కట్టనే ఒక అంకెగా తీసుకుంటాడు. తరువాత ప్రపంచాన్ని ఆరు పెద్ద మండలాలుగా విభజించి, ప్రతి మండలంలోనూ విడిగా లెక్క చూస్తాడు. ఒక ధోరణి ఆరు మండలాల్లోనూ ఒకే దిక్కున మొగ్గితేనే దాన్ని మానవభాషకు చెందినదిగా ఒప్పుకుంటాడు. ఈ పద్ధతిలో కన్నడం దక్షిణ ద్రావిడ ఉపశాఖలోకి, తెలుగు గోండి, కువి మొదలైనవాటితో పాటు దక్షిణ మధ్య ఉపశాఖలోకి వెళతాయి. అంటే మొదటి మెట్టులో ఇవి రెండు అంకెలే. కాని రెండవ మెట్టులో రెండూ ఒకే మండలంలో పడతాయి. మొత్తం ద్రావిడ కుటుంబం, ఆర్యభాషలు, ఇంకా టర్కిష్ వంటివి కలిసి ఆరింటిలో ఒక్క మండలానికి మాత్రమే సాక్ష్యమిస్తాయి. మిగిలిన అయిదింటి సాక్ష్యం మనం ఎరుగని భాషల నుండి రావాలి. అది వచ్చింది. క్రియాంతత్వానికీ పరసర్గలకూ ఉన్న పొత్తు ఆరు మండలాల్లోనూ నిలిచింది.

అదే పరీక్షలో ఓడిపోయినది మరొకటి ఉంది. క్రియాంత భాషల్లో విశేషణం విశేష్యానికి ముందు వస్తుందని మన తరగతుల్లో చెబుతుంటాం. “మంచి పుస్తకం” అని ఉదాహరణ కూడా ఇస్తాం. తెలుగు విషయంలో అది నిజం. కాని డ్రయర్ లెక్కలో ఈ పొత్తు నిలవలేదు. బాస్క్ భాష క్రియాంతం, అందులో పరసర్గలున్నాయి, అయినా విశేషణం నామం తరువాత వస్తుంది. బర్మీస్‌లోనూ అటువంటి క్రమమే కనిపిస్తుంది. యూరేసియా మండలంలో క్రియాంత భాషలనేకం విశేషణాన్ని ముందు పెట్టడం వల్ల, ఒక ప్రాంతపు అలవాటు మానవభాషా నియమంలా మనకు కనిపించింది. షరతుతో కూడిన సార్వత్రికాల వల్ల టైపాలజిస్టులు నేర్చుకున్న మొదటి పాఠం ఇదేనని అనుకుంటాను. ఒక భాషలో పక్కపక్కన ఉన్న లక్షణాలన్నీ ఒకదాన్నొకటి ఆశ్రయించుకుని ఉన్నట్లు కాదు. ఏవి పొత్తుతో ఉన్నాయో, ఏవి ఊరికే పక్కన ఉన్నాయో ఆ భాషలోపలి నుండి చూస్తే తెలియదు.

“ఏటి” అనే రూపం చెప్పే కథ

అయితే లెక్క “ఉన్నది” అని చెబుతుంది గాని “ఎందుకు” అని చెప్పదు. ఆ ప్రశ్నకు మాత్రం తెలుగు నుండి నిజమైన సాక్ష్యం ఇవ్వవచ్చు. అందుకు రేవులో విన్న మాటలకే తిరిగి వెళ్ళాలి.

“ఏటి ఒడ్డు”, “ఏటి నీళ్ళు” అన్న ప్రయోగాల్లో “ఏరు” అనే నామం “ఏటి” అయింది. మన వ్యాకరణాలు ఔపవిభక్తికమని పిలిచిన మార్పు ఇది. ఇక్కడ అది షష్ఠీ సంబంధాన్ని తెలుపుతోంది. ఇప్పుడు “ఏటి అవతల”, “ఏటి లోపల”, “ఏటి మీద” అన్న ప్రయోగాలను చూడండి. పరసర్గకు ముందు కూడా అదే “ఏటి”. “ఇంటి వాకిలి”, “ఇంటి వెనుక”; “ఊరి చెరువు”, “ఊరి బయట”; “నా చేను”, “నా మీద”. నామానికి నామానికి మధ్య ఉన్న సంబంధానికీ, నామానికి పరసర్గకు మధ్య ఉన్న సంబంధానికీ రూపంలో తేడా లేదు. కారణం తెలిసినదే. అవతల, లోపల, మీద, కింద, వెనుక అనేవి స్వయంగా స్థలవాచక నామాలు. అందుకే వాటికి మళ్ళీ విభక్తి చేరుతుంది. పుట్టి పెద్దాయన అన్న “బిర్జి కిందికి” అన్న మాటలో “కింద”కు “కి” చేరడం దానికి గుర్తు. “ఇంటి వెనుక” అంటే మూలంలో “ఇంటికి చెందిన వెనుకభాగం”. తెలుగులో షష్ఠ్యంతం నామానికి ముందు వస్తుంది. కాబట్టి ఆ నామం కాలక్రమంలో పరసర్గగా అరిగినప్పుడు, దాని చోటు సహజంగానే మొదటి నామం తరువాత. పరసర్గను అక్కడ ఎవరూ ప్రత్యేకంగా తెచ్చి పెట్టలేదు. ఉన్నచోటే ఉంటూ పని మారింది.

ఇది ఒక మూలం. రెండవ మూలం క్రియ. చిన్నయసూరి ద్వితీయా విభక్తిలో కూర్చి, గుఱించి అనే వాటిని, పంచమిలో పట్టి అనే దాన్ని చేర్చాడు. ఈ మూడూ క్త్వార్థక క్రియారూపాలే. గురి పెట్టడం అనే అర్థం నుండి “గురించి”, పట్టుకోవడం నుండి “పట్టి”. “ఊరి నుండి” అన్నప్పటి “నుండి”లో “ఉండి” అనే క్రియారూపం ఇప్పటికీ వినిపిస్తుంది. క్రియాంత భాషలో కర్మ క్రియకు ముందు వస్తుంది. కాబట్టి ఆ క్రియ అరిగి పరసర్గ అయినప్పుడు, అది కూడా తన నామం తరువాతే మిగులుతుంది. విభక్తి ప్రత్యయాలనూ పరసర్గలనూ మన వ్యాకర్తలు ఒకే వరుసలో పెట్టడంలోని ఔచిత్యం ఇక్కడ కనిపిస్తుంది. నామం, క్రియ అరిగి పరసర్గ అవుతాయి. పరసర్గ మరింత అరిగితే ప్రత్యయమవుతుంది. “తోడు” అనే నామం నుండి “తోడ”, దాని నుండి “తో” ఏర్పడ్డాయి. విభక్తుల పట్టిక ఆ దారిలో వేర్వేరు మజిలీల్లో ఉన్న మాటలను ఒకచోట చూపుతుంది.

ఈ రెండు మూలాలు కలుసుకునే చోటును మనం నేటి భాషలోనే చూడవచ్చు. “నిన్ను గురించి” అన్నది పాత పద్ధతి. అక్కడ “నిన్ను” ద్వితీయ. “గురించు” అనే క్రియకు అది కర్మ. ఇప్పుడు “నీ గురించి” అన్న ప్రయోగమే ఎక్కువగా వినిపిస్తోంది. “నీ” షష్ఠి. క్రియ నుండి వచ్చిన పదం, నామం నుండి వచ్చిన “మీద”, “వెనుక” వంటి వాటి వరుసలోకి జరిగి, వాటిలాగే షష్ఠిని కోరుతోంది. అంటే మాట్లాడేవారి మనసులో “గురించి” ఇక క్రియ కాదు. దీనికి భిన్నంగా “దాన్ని బట్టి” అన్నచోట ద్వితీయ ఇంకా నిలిచే ఉంది. “బట్టి” తన క్రియాస్వభావాన్ని అంతగా వదులుకోలేదు. ఒక పరసర్గ ఎంత దూరం ప్రయాణించిందో చెప్పడానికి దాని ముందున్న నామరూపమే కొలబద్ద. ఈ పరీక్ష చేయడానికి వెయ్యి భాషలు అక్కరలేదు. ఒక్క తెలుగు చాలు.

అయితే ఈ వివరణకు హద్దు ఉంది. “కి/కు” వంటి ప్రత్యయాలు మూలద్రావిడ కాలానికే ప్రత్యయాలుగా కనిపిస్తాయి. వాటి వెనుక ఏ నామం ఉన్నదో, ఏ క్రియ ఉన్నదో రూపాన్ని చూసి చెప్పలేము. దారి కనిపించిన చోట దారి ఉందనవచ్చు. కనిపించని చోటికి అదే దారిని ఊహతో పొడిగించకూడదు.

ఫారసీ వంతెన

ఒక వివరణ మంచిదైతే, అది అపవాదాన్ని కూడా వివరించాలి. క్రియాంతమై ఉండి పూర్వసర్గలు గల ఫారసీ ఇక్కడ సరైన పరీక్ష. ఆ భాష మన సీమకు కొత్తది కాదు. గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం ఏలుబడి కింద ఉన్నవే. 1884 ప్రాంతం దాకా ఆ రాజ్యపు అధికారభాష ఫారసీ.

లారీ డ్రైవరు “పుల్ కే నీచే” అన్నాడు. “పుల్” అనే మాట ఉర్దూకు ఫారసీ నుండే వచ్చింది. ఫారసీలో వంతెన కింద అనాలంటే “జీర్-ఎ పోల్” అంటారు. అదే మాట, అదే అర్థం, క్రమం మాత్రం తలకిందులు. “జీర్” అంటే కిందిభాగం. మధ్యనున్న “ఎ” రెండు నామాలను ముడివేసే ఇజాఫత్. ఫారసీలో క్రియ చివరే వస్తుంది గాని, షష్ఠ్యంతం నామం తరువాత వస్తుంది. కాబట్టి “కిందిభాగం” అనే నామం అరిగి సర్గ అయినప్పుడు అది మొదటే మిగిలింది. తెలుగులో పరసర్గలను పుట్టించిన ప్రక్రియే ఫారసీలో పూర్వసర్గలను పుట్టించింది. తేడా అంతా షష్ఠి చోటులో ఉంది. పూర్వసర్గలున్న భాషల్లో షష్ఠ్యంతం దాదాపు ఎప్పుడూ నామం తరువాత, పరసర్గలున్న భాషల్లో దాదాపు ఎప్పుడూ నామానికి ముందు వస్తుందని గ్రీన్‌బర్గ్ రెండవ సార్వత్రికంలో చెప్పినది కూడా ఇదే. ఫారసీ నాలుగవ సార్వత్రికానికి అపవాదం, రెండవదానికి ఉదాహరణ.

మరొక వివరణ వినేవాని వైపు నుండి వచ్చింది. జాన్ హాకిన్స్ దాన్ని విస్తరించి చెప్పాడు. “మొన్నటి వరదకు కొట్టుకుపోయిన పాత రేవు పక్కనున్న మెట్ల నుండి వచ్చాడు” అన్న వాక్యంలో “నుండి”, “వచ్చాడు” పక్కపక్కన ఉన్నాయి. ఎంత పొడవైన నామబంధమైనా వాటికి ముందే సర్దుకుంది. “నుండి” మొదట వచ్చే భాషలో క్రియ చివర ఉంటే, ఆ రెంటి మధ్య అంత నామబంధమూ అడ్డుపడుతుంది. వినేవాడు సంబంధపదాన్ని మనసులో మోస్తూ క్రియ కోసం వేచి ఉండాలి. ఆ భారాన్ని భాషలు తగ్గించుకుంటాయని ఈ వాదం. వ్యవహార ఫారసీలో గమ్యాన్ని చెప్పే పదబంధాలు క్రియ తరువాతికి జరగడం ఈ వాదానికి కొంత అనుకూలం. కాని అదే ఫారసీ తన పూర్వసర్గలను వెయ్యేళ్ళకు పైగా నిలుపుకుని, నామాల నుండి కొత్తవాటిని కూడా చేసుకుంది. భారం ఒక ఒత్తిడి మాత్రమే, చరిత్ర ఇచ్చిన దారిని అది మూసివేయలేదు.

ఫారసీ ఇక్కడ ఏలుబడి చేసినంత కాలం చేసినా, తెలుగు పరసర్గల క్రమం చెక్కుచెదరలేదు. “బే” అనేది ఫారసీలో “లేకుండా” అనే అర్థంలో నామానికి ముందు వస్తుంది. మనం బేకారు, బేవారసు, బేషరతు అనే మాటలను తెచ్చుకున్నాం. కాని “బే”ను విడదీసి తెలుగు నామాలకు ముందు సంబంధపదంగా వాడలేదు. పైగా “బేషరతుగా” అని మన “గా”ను చివర చేర్చాం. సంస్కృతం విషయంలోనూ అంతే. “యథాశక్తి” అనే అవ్యయీభావంలో సంబంధపదం ముందుంది. మనం దాన్ని ఒకే మాటగా తీసుకుని “యథాశక్తిగా” అన్నాం. సొంత వాక్యంలో చెప్పవలసి వస్తే “శక్తి కొలది” అంటాం. పదాలను ఎరువు తెచ్చుకోవడం వేరు, పదక్రమాన్ని తెచ్చుకోవడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం “గా” అనే ఒక్క అక్షరంలో కనిపిస్తుంది.

క్రియ జరిగినా జరగనిది

నా అధ్యాయంలో మరొక లోపం కూడా ఉంది. దాన్ని పరీక్షకులు పట్టుకోలేదు. తెలుగు క్రియాంత భాష అని ముందే నిర్ణయించుకుని, రేవులో విన్న వాక్యాల్లో దానికి సరిపడినవాటినే ఏరుకున్నాను. నోటుపుస్తకం తిరగేస్తే “వచ్చిన్రు గద్వాల నుంచి”, “ఉన్నడు ఇంట్ల” వంటివి ఎన్నో కనిపిస్తాయి. మాట్లాడే భాషలో క్రియ తరువాత మాటలు చేరడం సాధారణం. వాటిని లెక్కలోకి తీసుకుంటే “క్రియాంతం” అన్న మాటకు అర్థం ఏమిటన్న ప్రశ్న వస్తుంది. గ్రీన్‌బర్గ్ కూడా ఒక భాషలో సాధ్యమైన క్రమాలన్నిటి గురించీ మాట్లాడలేదు, వాటిలో ప్రధానమైన దాని గురించి మాట్లాడాడు. ప్రధానక్రమాన్ని నిర్ణయించడానికి ఒక ప్రమాణం పెట్టుకోవాలి. ఉదాహరణకు ఉపవాక్యాలను చూడవచ్చు. “గద్వాల నుంచి వచ్చినోళ్ళు” అన్నచోట క్రియను ముందుకు జరిపి “వచ్చిన గద్వాల నుంచి ఓళ్ళు” అనడం సాధ్యం కాదు.

ఆ వదిలేసిన వాక్యాలే అసలు పాఠం చెబుతున్నాయి. “వచ్చిన్రు గద్వాల నుంచి” అనవచ్చు. “వచ్చిన్రు నుంచి గద్వాల” అనడం ఎవరి నోటా రాదు. “వెనుక గుడి” అంటే తెలుగే, కాని అర్థం “గుడి వెనుక” కాదు, వెనుకవైపున ఉన్న మరో గుడి. వాక్యంలో క్రియ చోటు వదులుగా ఉంది. నామానికీ పరసర్గకూ మధ్య క్రమం బిగువుగా ఉంది. మన సూత్రం ఒక వదులైన లక్షణాన్నీ ఒక బిగువైన లక్షణాన్నీ కలిపి చెబుతోంది. బిగువైనది పాత వాక్యక్రమపు ముద్ర. అది అరుగుదలలో గట్టిపడింది. వదులైనది మారినా, ముద్ర చాలాకాలం అలాగే ఉంటుంది. పరసర్గలుండి క్రియ ముందు వచ్చే మూడవ గది భాషల్లో కొన్నింటి చరిత్ర ఇలాంటిదే కావచ్చు.

మైకేల్ డన్, అతని సహచరులు 2011లో నాలుగు భాషాకుటుంబాల వంశవృక్షాల మీద గణించి, ఇటువంటి పొత్తులు ఒక కుటుంబంలో ఉన్నట్లు మరొక కుటుంబంలో కనిపించవని వాదించారు. ఆ పద్ధతికి చిన్న మార్పులను పట్టుకునే శక్తి చాలదని ఇతరులు ఆక్షేపించారు. ఆ వాదం ఇంకా ముగియలేదు. ద్రావిడ కుటుంబం ఆ నాలుగింటిలో లేదు. మన కుటుంబంలో క్రియాంతత్వం అంత స్థిరంగా ఉండడం వల్ల, మార్పును కొలిచే ఆ పద్ధతికి ఇక్కడ కొలవడానికి దొరికేది తక్కువ. కాని పరసర్గ లోపలి మార్పును, అంటే “నిన్ను గురించి” నుండి “నీ గురించి” దాకా సాగిన దారిని కొలవడానికి ఇక్కడ దొరికినంత సామగ్రి చాలాచోట్ల దొరకదు. శాసనాల నుండి నేటి మాండలికాల దాకా తెలుగుకు ఆధారాలున్నాయి.

ముగింపు

ఇటీవల మళ్ళీ బీచుపల్లి వెళ్ళాను. ఈసారి నోటుపుస్తకంలో “సాక్షులు” అన్న శీర్షిక పెట్టలేదు. రెండు నిలువు గళ్ళు గీసుకున్నాను. ఒకదానిలో పరసర్గకు ముందు ద్వితీయ వచ్చిన ప్రయోగాలు, మరొకదానిలో షష్ఠి వచ్చినవి. “గురించి”, “బట్టి”, “పట్టి” వంటి మాటల్లో ఏది ఏ వయసువారి నోట ఏ గడిలో పడుతుందో చూడాలని నా ప్రయత్నం. నాతో వచ్చిన విద్యార్థిని మెట్ల మీద కూర్చున్న ఒక అవ్వను పలకరించింది. “నీ కొడుకు గురించి చెప్పవ్వా” అంది. అవ్వ “వాణ్ణి గురించి ఏం జెప్పాలె బిడ్డా” అని మొదలుపెట్టింది. ప్రశ్నలోని షష్ఠి జవాబులో ద్వితీయగా మారడాన్ని విద్యార్థిని గమనించి నా వైపు చూసింది. ఒక్క జంట వాక్యాలతో ఏమీ తేలదని ఆమెకు చెప్పాను. ఆమె రెండు గళ్ళలోనూ ఒక్కొక్క గీత గీసి, అవ్వ మాట వినడానికి మళ్ళీ ముందుకు వంగింది.